అతుకుల దగ్గర తెలిసే సహజత్వం: తెలుగు-ఇంగ్లీషు మిశ్రమ రచన పరిష్కరణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

యువపాఠకుల కోసం తెలుగు, ఇంగ్లీషు కలిపి రాసిన చిన్న రచనను పరిష్కరించే సందర్భంలో ఇంగ్లీషు మాటలు ఎన్ని ఉండాలి అన్న ప్రశ్నే సాధారణంగా ముందుకు వస్తుంది. అసలు చూడవలసింది మాటల సంఖ్యను కాదనీ, రెండు భాషలూ కలిసే అతుకులననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరీక్ష తప్పిన విద్యార్థి రాసినట్టుగా కూర్చుకొన్న ఒక నమూనాను వాక్యవాక్యం పరిశీలించి, ఏది మార్చాలో, ఏది మార్చకూడదో, ఎక్కడ పరిష్కర్త ఆగాలో చర్చిస్తుంది.

కీలకపదాలు: భాషామిశ్రణం, ఆధారభాష, సహాయక్రియలు, అనుకరణ వాక్యాలు, పరిష్కరణ, యువపాఠకులు

1. ఉపోద్ఘాతం

తెలుగు రచనలో ఇంగ్లీషు మాట కొత్తది కాదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, విస్తృతమైన మార్పులతో 1909లో రెండవ కూర్పుగా వెలువడింది. అందులో గిరీశం మాట్లాడే మిశ్రమభాష పాఠకులకు సుపరిచితం. అయితే అక్కడి ఇంగ్లీషుకు ఒక ప్రయోజనం ఉంది. తన చదువును, నాగరికతను ఎదుటివారి ముందు ప్రదర్శించుకోవడానికి గిరీశం దానిని వాడుకుంటాడు. ప్రదర్శన అన్నది ప్రేక్షకుడికి తెలియాలి కాబట్టి ఆ మాటల్లో అతుకు కనబడటమే నాటకానికి కావలసింది. అతుకు కనబడకపోతే గిరీశం పాత్రే లేదు.

ఈనాటి కళాశాల విద్యార్థి తన జూనియర్ల కోసం నాలుగు మాటలు రాసినప్పుడు పరిస్థితి దీనికి భిన్నం. అతడు ఇంగ్లీషును ప్రదర్శించడం లేదు. తరగతిలో, హాస్టల్లో, బస్సులో తాను మాట్లాడే మాటనే కాగితం మీద పెట్టాలనుకుంటాడు. కానీ రాయడం మొదలుపెట్టగానే ఆ మాట అతడి చేతికి చిక్కదు. నోటితో ఎన్నడూ అనని మిశ్రమం కాగితం మీదికి వస్తుంది. చదివే యువకులు మొదటి వాక్యంలోనే ఆ తేడా పసిగడతారు. ఎక్కడ తేడా ఉందో చెప్పలేకపోయినా, ఎవరూ ఇలా మాట్లాడరని మాత్రం చెప్పగలరు.

అలాంటి రచన అధ్యాపకుల చేతికి వచ్చినప్పుడు రెండు రకాల పరిష్కరణలు కనిపిస్తాయి. ఒకటి, ఇంగ్లీషు మాటలన్నీ తీసి వాటి స్థానంలో సంస్కృత సమాసాలు పెట్టడం. రెండవది, యువత భాష ఇంతే కదా అని ఉన్నదున్నట్టు వదిలివేయడం. మొదటి పద్ధతిలో విద్యార్థి గొంతు పోతుంది, రెండవ పద్ధతిలో అతడు సరిగా పలకని గొంతే మిగిలిపోతుంది. ఈ రెండింటికీ భిన్నమైన మూడవ మార్గం ఏమిటో ఒక నమూనా ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నమూనా

ఈ దిగువ ఖండికను చర్చ కోసం కూర్చడం జరిగింది. ఇలాంటి రచనల్లో తరచుగా కనబడే లోపాలు ఇందులో ఒకేచోట ఉన్నాయి. మొదటి సెమిస్టరులో ఒక సబ్జెక్టు తప్పిన విద్యార్థి తరువాతి ఏడాది వచ్చే జూనియర్లకు చెబుతున్న మాటలివి.

“ద రిజల్ట్స్ ఆర్ అవుట్. నేను వన్ సబ్జెక్ట్‌లో ఫెయిల్డ్ అయ్యాను. ఐ వజ్ సో శాడ్ అండ్ నేను క్రై చేశాను. మై ఫాదర్ నన్ను స్కోల్డ్ చేయలేదు, బట్ హిస్ సైలెన్స్ మోర్ పెయిన్‌ఫుల్‌గా ఉంది. దెన్ నేను నా సీనియర్‌ని మీట్ అయ్యాను. ‘ఇట్స్ ఓకే రా, నాకూ ఫస్ట్ సెమ్‌లో ఒకటి పోయింది’ అన్నాడు. హి టోల్డ్ దట్ రీవాల్యుయేషన్ కోసం అప్లై అవ్వమని. లాస్ట్ డేట్ లోపల ఫీజు పే అవ్వాలి. లిటరల్లీ గైస్, ఒక్క బ్యాక్‌లాగ్ మన లైఫ్‌ని డిఫైన్ చేయదు. ఇది నా హృదయపూర్వక సలహా, దయచేసి దీనిని తీసుకోండి.”

ఈ ఖండికలో విషయం ఉంది. బాధ నిజమైనది, చెప్పవలసిన సమాచారమూ ఉంది. అయినా ఇది చదివే పద్దెనిమిదేళ్ల విద్యార్థికి నవ్వు వస్తుంది. ఏడుపు గురించి రాసిన వాక్యం నవ్వు పుట్టిస్తున్నదంటే అక్కడ భాష విషయానికి అడ్డు నిలబడిందని అర్థం.

3. వాక్యానికి ఆధారం ఏ భాష?

భాషామిశ్రణాన్ని వివరించిన సిద్ధాంతాలలో కెరోల్ మైయర్స్-స్కాటన్ 1993లో ప్రతిపాదించిన ఆధారభాషా సిద్ధాంతం ఈ చర్చకు బాగా ఉపకరిస్తుంది. రెండు భాషలు కలిసిన వాక్యంలో రెండింటికీ సమానమైన అధికారం ఉండదు. ఒక భాష వాక్యానికి చట్రాన్ని ఇస్తుంది. పదక్రమం, విభక్తులు, క్రియాప్రత్యయాలు దానివే. రెండవ భాష ఆ చట్రంలోని గళ్లలో మాటలను నింపుతుంది.

తెలుగువారి నిత్యవ్యవహారంలోని మిశ్రమం చాలావరకు ఈ సూత్రాన్నే పాటిస్తుంది. “రేపు మార్నింగ్ ల్యాబ్ ఉంది, త్వరగా రా” అన్న వాక్యంలో ఇంగ్లీషు మాటలు రెండే అయినా వాటి స్థానంలో ఇంకెన్ని వచ్చినా వాక్యం తెలుగే. కర్త, కర్మ, క్రియల వరస తెలుగుది, చివరి క్రియ తెలుగుది. ఇంగ్లీషులోని ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు, ‘ఆర్’, ‘వజ్’ వంటి క్రియారూపాలు ఇలాంటి వాక్యంలోకి విడిగా రావు. “టు కాలేజీ వెళ్తున్నా” అని ఎవరూ అనరు. “కాలేజీకి వెళ్తున్నా” అనే అంటారు.

దీని నుంచి ఒక సులువైన పరీక్ష లభిస్తుంది. వాక్యంలోని ఇంగ్లీషు మాటల స్థానంలో ఖాళీలు ఉంచి చదవాలి. మిగిలిన తెలుగు అస్థిపంజరం నిలబడితే అతుకు సరిగా ఉన్నట్టే. “లాస్ట్ డేట్ లోపల ఫీజు” అన్న భాగంలో ఖాళీలు పెడితే “___ లోపల ___” అని వస్తుంది, అది తెలుగు నిర్మాణమే. “హిస్ సైలెన్స్ మోర్ పెయిన్‌ఫుల్‌గా ఉంది” అన్న వాక్యంలో ఖాళీలు పెడితే చివర “గా ఉంది” తప్ప ఏమీ మిగలదు. ఎవరి మౌనం, దేనికన్నా ఎక్కువ అన్న సంబంధాలన్నీ ఇంగ్లీషు పదాలే మోస్తున్నాయి. “హి టోల్డ్ దట్ రీవాల్యుయేషన్ కోసం అప్లై అవ్వమని” అన్నచోట లోపం మరింత స్పష్టం. చెప్పిన మాటను వాక్యానికి కలిపే పనిని ఇంగ్లీషు ‘దట్’ ఒకసారి, తెలుగు ‘అని’ మరొకసారి చేస్తున్నాయి. ‘టోల్డ్’ ముందు వచ్చింది కాబట్టి చివర ఉండవలసిన తెలుగు క్రియ మాయమైంది. ఒకే వాక్యానికి రెండు చట్రాలు వేసి, ఏదీ పూర్తి చేయకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

మొత్తం వాక్యం ఇంగ్లీషులో ఉండటం వేరు సంగతి. సీనియర్ అన్న “ఇట్స్ ఓకే రా” అన్న మాటలో ఇంగ్లీషు వాక్యం పూర్తిగా ఉంది. దాని చివర తెలుగు సంబోధన చేరింది, ఆ పలుకు మొత్తాన్నీ ‘అన్నాడు’ తనలో కలుపుకొంది. ఇక్కడ చట్రాలు ఢీకొనడం లేదు, ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. అందువల్లనే చెవికి ఇది ఇబ్బంది కలిగించదు.

4. ‘చేయు’, ‘అవు’ల దగ్గర జారే అడుగు

ఇంగ్లీషు క్రియ తెలుగు వాక్యంలోకి ఒంటరిగా రాదు. ‘చేయు’ లేదా ‘అవు’ అన్న సహాయక్రియను తోడు తెచ్చుకుంటుంది. కాలం, పురుష, వచనం అన్నీ ఆ తెలుగు క్రియకే చేరతాయి కాబట్టి ఇంగ్లీషు క్రియ మూలరూపంలోనే ఉండాలి. “ఫెయిల్డ్ అయ్యాను” అన్నప్పుడు భూతకాలం రెండుసార్లు వచ్చింది. “ఫెయిల్ అయ్యాను” అన్నదే వాడుక. ఇదే సూత్రం విశేషణాలకూ వర్తిస్తుంది. ‘గా’ చేరేది విశేషణానికే. “స్లోగా”, “సడన్‌గా”, “ఈజీగా” అంటారు గాని “స్లోలీగా” అనరు. ఇంగ్లీషు ప్రత్యయం చేయవలసిన పనిని తెలుగు ప్రత్యయం ముందే చేస్తున్నది.

రెండు సహాయక్రియల్లో ఏది రావాలి అన్నది ఇంకొంచెం సున్నితమైన విషయం. స్థూలంగా, కర్త పూనుకొని చేసే పనికి ‘చేయు’, తనంత తానుగా జరిగేదానికి లేదా కర్తకు కలిగే స్థితికి ‘అవు’ వస్తాయి. “ప్రోగ్రామ్ క్యాన్సిల్ చేశారు”, “ప్రోగ్రామ్ క్యాన్సిల్ అయింది” అన్న జంటలో ఈ తేడా స్పష్టం. ఈ సూత్రం ప్రకారం “అప్లై అవ్వమని”, “ఫీజు పే అవ్వాలి” అన్నవి తప్పు. దరఖాస్తు పెట్టడం, డబ్బు కట్టడం కర్త పూనుకొని చేసే పనులు. చదివే విద్యార్థికి ఆ ఫీజు దానంతట అదే కట్టబడుతుందేమో అన్న విడ్డూరమైన భావం కలుగుతుంది.

అయితే ఈ సూత్రాన్ని యాంత్రికంగా ప్రయోగిస్తే కొత్త తప్పులు పుడతాయి. ఒకరిని కలవడం పూనుకొని చేసే పనే అయినా “మీట్ చేశాను” కన్నా “మీట్ అయ్యాను” అన్నదే ఎక్కువగా వినబడుతుంది. “డిసైడ్ చేశాను” అంటే ఒక విషయాన్ని నిర్ణయించానని, “డిసైడ్ అయ్యాను” అంటే మనసులో గట్టిగా అనుకున్నానని అర్థచ్ఛాయలు వేరవుతాయి. అందువల్ల నమూనాలోని “సీనియర్‌ని మీట్ అయ్యాను” అన్న మాటను సూత్రం పేరుతో తప్పు పట్టడానికి వీలులేదు. శిష్టుల వ్యవహారమే వ్యాకరణానికి ఆధారం కావాలని గిడుగు రామమూర్తి వాదించిన దారిలోనే ఆలోచిస్తే, ఇక్కడ చివరిమాట సూత్రానిది కాదు, వాడుకది.

మరొక హద్దు కూడా ఉంది. కొన్ని క్రియలు ఇంగ్లీషు నుంచి దాదాపు రావు. తినడం, రావడం, పోవడం, ఏడవడం, నవ్వడం, తిట్టడం వంటి రోజువారీ శరీరచర్యలకు, ఇంటి మాటలకు తెలుగు క్రియ గట్టిగా నిలిచి ఉంది. “ట్రై చేశాను” సహజం, “క్రై చేశాను” హాస్యం. ధ్వనిలో రెండూ దగ్గరి మాటలే. తేడా అంతా ఆ పని ఏ లోకానికి చెందినదన్న దాంట్లో ఉంది. “స్కోల్డ్ చేయలేదు” అన్నదీ అంతే. తండ్రి తిడతాడు, లేదా తిట్టడు. ‘స్కోల్డ్’ పాఠ్యపుస్తకంలోని మాట, ఇంట్లోకి అది రాలేదు.

5. తెలుగు మాటల్లో దాగిన ఇంగ్లీషు

నమూనా చివరి వాక్యంలో ఒక్క ఇంగ్లీషు మాటా లేదు. “ఇది నా హృదయపూర్వక సలహా, దయచేసి దీనిని తీసుకోండి.” అయినా మొత్తం ఖండికలో అత్యంత కృతకమైన వాక్యం ఇదే. సలహాను ‘తీసుకోవడం’, దానికి ముందు ‘దయచేసి’ చేర్చడం, ‘ఇది’ అని వాక్యం మొదలుపెట్టడం అన్నీ ఇంగ్లీషు వాక్యపు నడకలే. తెలుగులో ఒక పెద్ద తన జూనియర్‌తో ఈ మాటే చెప్పాలంటే “నా మాట వినండి” అంటాడు.

దీనికి భిన్నమైన ఉదాహరణ అంతకుముందు వాక్యంలో ఉంది. “ఒక్క బ్యాక్‌లాగ్ మన లైఫ్‌ని డిఫైన్ చేయదు” అన్నది వ్యాకరణరీత్యా నిర్దోషం. చట్రం తెలుగుదే, సహాయక్రియ సరైనదే. ఖాళీల పరీక్షలో కూడా నెగ్గుతుంది. కానీ ఒక వస్తువు జీవితాన్ని నిర్వచించడం, నిర్వచించకపోవడం అన్న ఆలోచన ఇంగ్లీషు ప్రబోధవాక్యాల నుంచి అరువు వచ్చింది. తెలుగువాడు ఓదార్చేటప్పుడు “దాంతో అయిపోయిందా ఏంటి” అంటాడు. ఆ దారిలో “ఒక్క బ్యాక్‌లాగ్‌తో లైఫ్ అయిపోదు” అంటే ‘లైఫ్’, ‘బ్యాక్‌లాగ్’ రెండూ అలాగే ఉన్నాయి, వాక్యం మాత్రం ఇంటికి చేరింది.

అందుచేత ఖాళీల పరీక్షకు తోడుగా రెండవ పరీక్ష అవసరం. ఇంగ్లీషు మాటలన్నిటికీ తెలుగు మాటలు పెట్టి చదవాలి. “ఒక్క తప్పిన పరీక్ష మన జీవితాన్ని నిర్వచించదు” అన్నప్పుడు వాక్యం అనువాదంలా వినబడితే లోపం పదాల్లో లేదు, భావం నడిచిన దారిలో ఉంది.

దాగిన ఇంగ్లీషుకు మరో రెండు గుర్తులు నమూనాలో ఉన్నాయి. మొదటిది ‘నేను’. పది వాక్యాల ఖండికలో ఆ మాట మూడుసార్లు వచ్చింది. తెలుగు క్రియలోని ‘ను’ ప్రత్యయమే కర్త ఎవరో చెబుతుంది కాబట్టి ప్రత్యేకించి నొక్కి చెప్పవలసినప్పుడే ‘నేను’ వస్తుంది. ప్రతి వాక్యానికీ కర్త కనబడాలన్నది ఇంగ్లీషు నియమం. రెండవది “మై ఫాదర్”, “నా సీనియర్” అన్న ప్రయోగాలు. తెలుగువారు తల్లిదండ్రులను, ఇంటిని, ఊరిని, కాలేజీని ‘మా’ అని చెప్పుకుంటారు. “మా నాన్న”, “మా ఊరు”, “మా సీనియర్” అన్నవాటిలో ఆ బంధం ఒక్కరిది కాదన్న సూచన ఉంది. ‘మై ఫాదర్’ను ‘నా తండ్రి’గా మార్చినా ఈ దోషం పోదు. ‘మా నాన్న’ అన్నప్పుడే పోతుంది.

6. పరిష్కరణ

పరిష్కర్తకు కావలసిన ముడిసరుకు చాలావరకు రచనలోనే దొరుకుతుంది. నమూనాలో సీనియర్ మాట ఒక్కటే మొదటి నుంచీ సహజంగా ఉంది. ఎందుకంటే దానిని విద్యార్థి రాయలేదు, విన్నాడు. చెవిలో పడిన మాట కాగితం మీదికి అలాగే వచ్చింది. మిగతా వాక్యాలు ‘రాయాలి’ అన్న స్పృహతో కూర్చినవి. ఆ ఒక్క వాక్యంలోనే ‘ఫస్ట్ సెమ్’, ‘ఒకటి పోయింది’ అన్న విద్యార్థుల పలుకుబడి ఉంది. మిగతా ఖండికనంతా ఆ శ్రుతికి తీసుకురావడమే చేయవలసిన పని.

“రిజల్ట్స్ వచ్చాయి. నాకు ఒక సబ్జెక్ట్ పోయింది. చాలా ఏడ్చాను. మా నాన్న తిట్టలేదు. కానీ ఆయన ఏమీ అనకపోవడమే ఇంకా బాధనిపించింది. తర్వాత మా సీనియర్‌ని కలిశాను. ‘ఇట్స్ ఓకే రా, నాకూ ఫస్ట్ సెమ్‌లో ఒకటి పోయింది’ అన్నాడు. రీవాల్యుయేషన్‌కి అప్లై చేయమన్నాడు. లాస్ట్ డేట్ లోపల ఫీజు కట్టాలి. ఒక్క బ్యాక్‌లాగ్‌తో లైఫ్ అయిపోదు. నా మాట వినండి.”

సీనియర్ మాటను పక్కన పెడితే ఇందులో మిగిలిన ఇంగ్లీషు ఇది: రిజల్ట్స్, సబ్జెక్ట్, సీనియర్, రీవాల్యుయేషన్, అప్లై, లాస్ట్ డేట్, ఫీజు, బ్యాక్‌లాగ్, లైఫ్. ‘లైఫ్’ తప్ప అన్నీ కళాశాల లోకపు మాటలే. ఇంటికి, ఏడుపుకు, తండ్రి మౌనానికి సంబంధించిన వాక్యాలు పూర్తిగా తెలుగులో ఉన్నాయి. ఇంగ్లీషును తగ్గించాలని పూనుకొని చేసిన పని కాదిది. ఏ మాట ఏ లోకానికి చెందినదో చూసి సర్దితే వచ్చిన ఫలితం. విద్యార్థి జీవితంలో రెండు భాషలూ పంచుకున్న హద్దు ఎక్కడుందో పరిష్కృత ఖండికలోనూ అక్కడే ఉంది.

రెండు మార్పులను గురించి మాత్రం పరిష్కర్త ఒంటరిగా నిర్ణయం తీసుకోకూడదు. “ఫెయిల్ అయ్యాను” సహజమైన మాటే. దానిని “నాకు ఒక సబ్జెక్ట్ పోయింది” అని మార్చినప్పుడు ‘నేను’ అన్న కర్త ‘నాకు’గా మారాడు. తప్పిన భారం విద్యార్థి మీది నుంచి జరిగిన సంఘటన మీదికి కొంత జరిగింది. సీనియర్ వాడిన మాట అదే కాబట్టి ఈ ఖండికలో అది ఇమిడింది. కానీ తప్పును తన మీదే వేసుకోవడం రచయిత ఉద్దేశమైతే పాత మాటే ఉండాలి. అలాగే “మీట్ అయ్యాను” తప్పు కాకపోయినా ‘కలిశాను’ అయింది. ఇది దోషసవరణ కాదు, అభిరుచికి సంబంధించిన ఎంపిక. దోషసవరణకు, అభిరుచికి మధ్య గీత ఎక్కడుందో రచయితకు చెప్పడం పరిష్కర్త బాధ్యత.

లిపి విషయంలో ఒక మాట. ‘ఫీజు’, ‘బస్సు’, ‘పెన్ను’ వంటి మాటలు చివర ఉకారం చేర్చుకొని తెలుగు మాటలుగా స్థిరపడ్డాయి. హ్రస్వాచ్చు తరువాతి హల్లు ద్విత్వం కావడం, ‘కారు’, ‘ఫోను’ల్లో దీర్ఘం తరువాత కాకపోవడం ఈ స్థిరీకరణలో సాధారణంగా కనిపించే పద్ధతి. ‘సబ్జెక్ట్’, ‘సబ్జెక్టు’ రెండూ ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. ఏది ఎంచుకున్నా ఒకే రచనలో ఒకే రూపం ఉండాలి. ‘సీనియర్‌ని’, ‘రీవాల్యుయేషన్‌కి’ వంటి చోట్ల మూలపదం చివరి పొల్లును విడిగా చూపి విభక్తిని కలిపి రాస్తే కంటికి తడబాటు ఉండదు. ‘రీవాల్యుయేషన్ కి’ అని విభక్తిని దూరంగా రాస్తే నోటిలో లేని అతుకు కంటికి కొత్తగా పుడుతుంది.

7. శుద్ధీకరణ వల్ల నష్టం

ఇదే ఖండికను శుద్ధమైన తెలుగులోకి మార్చాలనుకునే పరిష్కర్త “ఒక పాఠ్యాంశంలో అనుత్తీర్ణత పొందాను. పునర్మూల్యాంకనానికి దరఖాస్తు చేసుకోమని సూచించాడు. గడువు తేదీలోగా రుసుము చెల్లించాలి” అని రాయవచ్చు. వ్యాకరణం నిర్దుష్టం. కానీ పరీక్షల విభాగం కిటికీ దగ్గర విద్యార్థి అడగవలసిన మాట ‘రీవాల్యుయేషన్’. ‘పునర్మూల్యాంకనం’ అన్న మాటకు, తాను నింపవలసిన దరఖాస్తుకు సంబంధం ఉందని తట్టని విద్యార్థికి గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. అతడికి జరిగే నష్టం భాషాభిరుచికి సంబంధించినది కాదు, ఒక సెమిస్టరుకు సంబంధించినది.

ఉద్వేగం విషయంలోనూ ఇలాంటి నష్టమే ఉంది. కొన్నిచోట్ల ఇంగ్లీషు మాట తెలుగు మాటకు బదులుగా రాదు, వేరే పని మీద వస్తుంది. “సారీ నాన్నా” అనగలిగిన కొడుకు “క్షమించు నాన్నా” అనలేడు. రెండవది రంగస్థలం మీది మాట అయిపోతుంది. భాష మారడం కూడా ఒక అర్థాన్ని సూచిస్తుందని జాన్ గంపర్జ్ 1982లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. “ఇట్స్ ఓకే రా” అన్న మాటలో ఇంగ్లీషు భాగం బాధను కాస్త దూరంగా పెడుతుంది, ‘రా’ మనిషిని దగ్గరికి తీసుకుంటుంది. దానిని “పరవాలేదురా” అని మార్చినా తప్పు కాదు. కానీ సీనియర్ ఎంచుకున్న ఆ దూరం, ఆ దగ్గర రెండూ పోతాయి.

8. యువపాఠకులు ఒకరు కారు

‘యువపాఠకులు’ అన్న మాటను ఏకవచనంగా భావించడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీ కళాశాలకు వచ్చిన విద్యార్థికీ, మొదటి నుంచీ ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన నగర విద్యార్థికీ ‘రిజల్ట్స్’, ‘ఫీజు’, ‘బ్యాక్‌లాగ్’ సమానంగా సొంతం. ‘లిటరల్లీ గైస్’ అలా కాదు. ఆ మాట ఒకరిని దగ్గర చేసుకొని మరొకరిని గుమ్మం దగ్గరే ఆపుతుంది. పైగా ఇలాంటి సంబోధనలకు ఆయుష్షు తక్కువ. రెండేళ్ల తరువాత చదివే జూనియర్‌కు అవే పాతబడినట్టు అనిపిస్తాయి. పరిష్కృత ఖండికలో వాటిని తొలగించడానికి కారణం ఇదే గాని అవి ఇంగ్లీషు కావడం కాదు.

తెలుగు భాగం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పైన ఇచ్చిన పరిష్కృత రూపం పత్రికాభాషకు దగ్గరగా ఉంది. రాసిన విద్యార్థి వరంగల్లు ప్రాంతం వాడైతే అతడి నోట “తిట్టలే”, “అన్నడు” అన్న రూపాలే వస్తాయి. ఇంగ్లీషు మాటలను ఉన్నవి ఉన్నట్టు ఉంచి, తెలుగు క్రియలను మాత్రం మరో ప్రాంతపు రూపాల్లోకి దిద్దితే మిశ్రమం మళ్లీ కృతకమవుతుంది. అప్పుడు అతుకు తెలుగుకూ ఇంగ్లీషుకూ మధ్య ఉండదు, తెలుగుకూ తెలుగుకూ మధ్య ఉంటుంది. అలాంటి రచనను “తిట్టలే”తోనే ఉంచి, మొదటి నుంచి చివరి వరకు అదే మాటతీరును నిలపడం సరైన పద్ధతి.

ఈ కారణంగా చివరి పరీక్ష కాగితం మీద జరిగేది కాదు. భిన్నమైన చదువు నేపథ్యాలున్న ఇద్దరు విద్యార్థుల చేత ఖండికను బిగ్గరగా చదివించాలి. ఇద్దరూ ఒకేచోట ఆగితే అక్కడ నిర్మాణంలో లోపం ఉంది. ఒక్కరే ఆగితే అక్కడి మాట ఆ ఒక్కరికి చెందనిది. చదివిన తరువాత కాగితం చూడకుండా విషయాన్ని తిరిగి చెప్పమంటే, వారు తమకు తెలియకుండానే మార్చి చెప్పే మాటలు పరిష్కర్తకు మరింత విలువైనవి. నమూనా మొదటి రూపాన్ని చదివిన విద్యార్థి తిరిగి చెప్పేటప్పుడు “క్రై చేశాడంట” అనడు, “ఏడ్చాడంట” అంటాడు.

9. ముగింపు

మిశ్రమ రచన సహజత్వాన్ని ఇంగ్లీషు మాటల శాతంతో కొలవడం సాధ్యం కాదని ఈ పరిశీలన చూపుతున్నది. నమూనాలో ఇంగ్లీషే లేని వాక్యం అన్నిటికన్నా పరాయిగా వినబడగా, సగం ఇంగ్లీషు ఉన్న సీనియర్ మాట అన్నిటికన్నా సొంతంగా వినబడింది. చూడవలసినవి చట్రం ఎవరిది, సహాయక్రియ సరైనదేనా, భావం ఏ దారిలో నడిచింది, మాట ఏ లోకానికి చెందినది అన్న నాలుగు విషయాలు. వీటిలో మొదటి రెండు వ్యాకరణం తెలిసిన వారెవరైనా సరిదిద్దగలరు. మూడవదానికి తెలుగు పలుకుబడితో పరిచయం కావాలి. నాలుగవది రచయితనూ పాఠకులనూ అడిగితే తప్ప తెలియదు.

విద్యార్థి మిశ్రమభాషను చూసి తెలుగు చెడిపోయిందని బాధపడే అధ్యాపకుడు ఒక సంగతి గమనించవచ్చు. ఆ విద్యార్థి నోటిలో తెలుగు వ్యాకరణం చెక్కుచెదరకుండా ఉంది. పరాయి క్రియకు ‘చేయు’, ‘అవు’లలో తగినదాన్ని ఎంచి అతికించే నేర్పు ఎవరూ పాఠంగా చెప్పకుండానే అతడికి అబ్బింది. అది చెదిరేది అతడు కలం పట్టి ‘రాయడం’ మొదలుపెట్టినప్పుడు మాత్రమే. నోటికి తెలిసిన ఆ వ్యాకరణాన్ని చేతికి కూడా తెలిసేటట్టు చేయడమే ఇక్కడ పరిష్కరణ అన్న మాటకు అర్థం.